తొంభై శాతం తగ్గింపు వెనక ఎవరున్నారు?

శ్రావణమాసం దగ్గరపడిందంటే ఇన్‌స్టాగ్రామ్‌లో ఇలాంటి ప్రకటన ఒకటి తప్పక ఎదురవుతుంది. 'షాపు ఎత్తేస్తున్నాం. పన్నెండు వేల గద్వాల పట్టుచీర 999 రూపాయలకే. ఈ రాత్రి వరకే.' పేజీలోకి వెళితే అరవై వేల మంది ఫాలోవర్లు, మెచ్చుకుంటూ కామెంట్లు, చీర మడతలు విప్పి చూపించే వీడియోలు కనిపిస్తాయి. వెబ్‌సైట్ ఉండదు, చిరునామా ఉండదు. వాట్సాప్‌లో ఫొటో పంపి ఆర్డర్ చెప్పాలి, డబ్బు ముందే యూపీఐలో కొట్టాలి.

పేజీ తప్ప దుకాణం లేదన్న ఒక్క కారణంతో దీన్ని మోసం అనలేం. మంగళగిరి, పోచంపల్లి మగ్గాల దగ్గర సరుకు తెచ్చుకుని ఇంట్లోంచే నిజాయితీగా అమ్ముకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకూ ఉన్నది పేజీ, వాట్సాప్ నంబరే. మరి తేడా ఎలా పట్టాలి? ఫాలోవర్లను డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. కామెంట్లు రాయించుకోవచ్చు, తిట్టిన కామెంట్లను తీసేయొచ్చు. వీడియోలు ఇంకొక షాపువి ఎత్తుకొచ్చి పెట్టుకోవచ్చు. అంటే పేజీలో అమ్మేవాళ్ల చేతిలో ఉన్నదేదీ సాక్ష్యం కాదు. వాళ్లు సులువుగా మార్చలేనివి ఏమున్నాయో అవే చూడాలి.

మొదటిది సరుకు ఖరీదు. పట్టుచీరకు అరకిలో అటూ ఇటూ పట్టునూలు పడుతుంది. కిలో పట్టునూలు ధర వేల రూపాయల్లో ఉంటుంది. దానిపైన రంగు అద్దకం, జరీ, మగ్గం మీద రోజుల తరబడి కూర్చున్న నేతన్న కూలి. నూలు ఖర్చుకే చాలని ధరకు కొత్త పట్టుచీరను ఎవరూ అమ్మరు, షాపు మూసేస్తున్నా సరే అమ్మరు. మూసేసేవాళ్లు కూడా అసలు రాబట్టుకోవాలనే చూస్తారు, పైగా ఆ సరుకును తోటి వ్యాపారులు మంచి ధరకే ఎత్తుకుపోతారు. కాబట్టి 999కి రెండే జరుగుతాయి. పట్టు పేరుతో పాలిస్టర్ చీర వస్తుంది, లేదా ఏమీ రాదు. పన్నెండు వేల చీర పదివేలకు ఇస్తామంటే మాత్రం అది నమ్మదగ్గ తగ్గింపే, తర్వాతి పరీక్షకు వెళ్లొచ్చు.

రెండోది పేజీ పుట్టుక. ప్రొఫైల్‌లో పైనున్న మూడు చుక్కలు నొక్కితే About this account అని వస్తుంది. ఖాతా ఎప్పుడు తెరిచారో, ఏ దేశం నుంచి నడుస్తోందో, ఇదివరకు ఎన్నిసార్లు పేరు మార్చారో అక్కడ ఉంటుంది. ఇది ఇన్‌స్టాగ్రామ్ చూపించే సమాచారం, అమ్మేవాళ్లు రాసుకునేది కాదు. 'ముప్పై ఏళ్లుగా మీ సేవలో' అని చెప్పుకునే పేజీ రెండు నెలల కిందట పుట్టిందనో, నాలుగుసార్లు పేరు మారిందనో తేలితే అక్కడితో ఆగిపోవచ్చు. సినిమా కబుర్ల పేజీని ఫాలోవర్లతో సహా కొనేసి చీరల షాపుగా మార్చే వాళ్లున్నారు. అరవై వేల మంది అలాగే వస్తారు. అందుకే ఖాతా పాతదైనంత మాత్రాన సరిపోదు, పాత పోస్టుల్లోనూ చీరలే ఉన్నాయా అని కిందికంటా జరిపి చూడాలి.

మూడోది నాకు అన్నిటికన్నా నమ్మకమైనది. 'నాకు నచ్చిన ఈ చీరను వీడియో కాల్‌లో చూపించండి, కొంగు విప్పండి, అంచు దగ్గర వెనక వైపు తిప్పండి' అని అడగండి. గద్వాల చీరలో ఒళ్లు వేరుగా, అంచు వేరుగా నేసి కలుపుతారు. ఆ కలిసేచోట వెనక వైపు ఎలా ఉందో, చీర చేతిలో ఉన్నవాళ్లు అర నిమిషంలో చూపించగలరు. చీర లేనివాళ్లు మాత్రం 'మేడమ్, గోడౌన్‌లో ఉంది', 'ఆర్డర్లు ఎక్కువ, కాల్ కుదరదు', 'ముందు బుక్ చేసుకోండి, లేకపోతే అయిపోతుంది' అంటారు. పనిలో ఉన్నప్పుడు నిజమైన అమ్మకందారు కూడా 'సాయంత్రం చేస్తానండీ' అనొచ్చు. సాయంత్రం చేస్తారా లేదా అన్నదే చూడాలి.

వ్యాపారం కాస్త పెద్దదైతే జీఎస్టీ నంబరు అడగండి. అందులో పదిహేను అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. హైదరాబాద్ షాపని చెప్పి 24తో మొదలయ్యే నంబరు ఇస్తే అది గుజరాత్‌ది, కారణం అడగాలి. gst.gov.in లో Search Taxpayer అన్నచోట ఆ నంబరు కొడితే లాగిన్ అక్కర్లేకుండానే యజమాని పేరు, షాపు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ తేదీ, అది ఇంకా నడుస్తోందా రద్దయిందా అన్నదీ కనిపిస్తాయి. చిన్న వ్యాపారులకు ఈ నంబరు లేకపోవచ్చు, అది తప్పేమీ కాదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఎవరిదో అసలైన షాపు నంబరును మోసగాళ్లు ఎత్తుకొచ్చి తమదిగా పెట్టుకుంటారు.

ఆ మెలిక విప్పేది డబ్బు పంపే చోటే. యూపీఐ ఐడీ కొట్టగానే, పిన్ వేయకముందే, ఆ ఖాతా ఎవరి పేరున ఉందో బ్యాంకులో నమోదైన పేరు తెర మీద వస్తుంది. దాన్ని జీఎస్టీలో కనిపించిన షాపు పేరుతో గానీ యజమాని పేరుతో గానీ పోల్చండి. జీఎస్టీలో ఒక పేరు, యూపీఐలో ఏ సంబంధం లేని మరో పేరు ఉంటే డబ్బు పంపకండి. 'మా అకౌంటెంట్ ఖాతా', 'మా తమ్ముడిది' అని సమాధానం చెప్పినా పంపకండి. ఇంట్లోంచి అమ్మే ఆవిడకు జీఎస్టీ లేకపోయినా, వాట్సాప్‌లో మాట్లాడే మనిషి, వీడియోలో కనిపించే మనిషి, ఖాతా పేరు ఒక్కరివే అయి ఉండాలి.

సరుకు వచ్చాకే డబ్బిస్తే భయం లేదని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. సాధారణంగా డెలివరీ అబ్బాయికి డబ్బిచ్చాకే పార్సిల్ విప్పనిస్తారు. లోపల పాత గుడ్డ ఉన్నా అతను చేయగలిగింది ఏమీ లేదు. డబ్బు అప్పటికే మన చేయి దాటి ఉంటుంది.

ఇన్ని చూసినా మోసం జరగదని హామీ లేదు. కొన్నాళ్లు బాగా అమ్మి, పండుగ ముందు ఆర్డర్లన్నీ పోగుచేసుకుని మాయమయ్యే పేజీలూ ఉండొచ్చు. అందుకే కొత్త పేజీలో మొదట ఒక్క చీరే కొనండి, పెళ్లి పట్టుచీరలన్నీ ఒకేసారి చెప్పకండి.

డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి, తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు జారిపోకముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ అది తగ్గుతుంది. పేజీ మాయమవకముందే పేజీ లింకు, వాట్సాప్ మాటలు, లావాదేవీ నంబరు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. 'రీఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి' అని మళ్లీ ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. సరుకు వచ్చింది గానీ చెప్పినది కాదంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి.

999 రూపాయలే కదా అని మాత్రం ఊరుకోకండి. ఈ పేజీలు నడిచేది ఆ ఊరుకోవడం మీదే. ఒకే ఖాతా మీద పది ఊళ్ల నుంచి ఫిర్యాదులు వస్తే అది ఒక చీర గొడవగా మిగలదు. మీ ఫిర్యాదు వాటిలో ఒకటి కావాలి.