కాంక్రీటు గోడల ఇంట్లో ఏ వైఫై?

హైదరాబాద్‌లో ఇప్పుడు లేస్తున్న ఎత్తయిన అపార్ట్‌మెంట్లు చాలావాటిలో ఇటుక గోడలు లేవు. అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు, లోపల ఇనుప చువ్వల వలే గోడ. వైఫైకి ఇంతకంటే గడ్డు శత్రువు లేదు.

అలాంటి మూడు పడకగదుల ఫ్లాట్‌నే తీసుకుందాం. రూటర్ హాల్లో, గుమ్మం పక్కన ఉంది. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ తెరిస్తే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ హాల్లో -45. రెండు గోడల అవతలి గదిలో -82. వీడియో కాల్‌కు -67 అయినా ఉండాలి. అదే గదిలో 2.4 గిగాహెర్ట్జ్ -70 చూపిస్తుంది. వేగం తక్కువే, పైగా పక్కింటి రూటర్లతో రద్దీ కూడా.

మరి ఖరీదైన వైఫై 7 కొంటే? దాని అసలు బలం 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడ మింగేదీ పెరుగుతుంది. అంకె పెద్దదైతే గోడ కరగదు!

ఇక్కడ వైఫై 6 చాలు. అది రెండు బ్యాండ్లలోనూ పనిచేస్తుంది; వైఫై 5 మెరుగులు 5కే పరిమితం. మిగిలిన డబ్బుతో, సామాను దిగకముందే గోడలోని టీవీ పైపు గుండా క్యాట్ 6 కేబుల్ లాగించి, పడకగదిలో రెండో యాక్సెస్ పాయింట్ పెట్టాలి. కేబుల్ లేని మెష్ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడాలన్నా ఆ గోడనే దాటాలి.