జ్వరం ఉన్నా తేదీలు సరిపోవాలి

న్యాయశాస్త్రం మూడో సెమిస్టర్ విద్యార్థినికి సోమవారం డెంగీ అని తేలింది. గురువారం కాంట్రాక్టు చట్టం పరీక్ష. ఆమె మంగళవారమే రిజిస్ట్రార్‌కు ఈమెయిల్ పంపింది. విషయం గడిలో పేపర్ పేరు, పరీక్ష తేదీ, హాల్ టికెట్ నంబరు రాసింది. లోపల నాలుగే వాక్యాలు:

"అయ్యా, డెంగీతో ఆసుపత్రిలో చేరాను. శనివారం వరకు విశ్రాంతి అవసరమని డాక్టరు రాశారు. గురువారం పేపర్‌ను తదుపరి అవకాశంలో, మొదటి ప్రయత్నంగానే రాయనివ్వమని కోరుతున్నాను. ధ్రువపత్రం, రక్తపరీక్ష నివేదిక జతచేశాను."

ఇందులో కీలకం 'మొదటి ప్రయత్నంగానే' అన్న మాట. అనుమతి లేకుండా గైర్హాజరైతే సాధారణంగా ఆ పేపర్ తప్పినట్టే లెక్క. సప్లిమెంటరీలో గట్టెక్కినా, ర్యాంకుకో పతకానికో అర్హత పోయే విశ్వవిద్యాలయాలున్నాయి. ఆ నష్టం జబ్బుపడ్డ పిల్ల మీద పడకూడదు.

ఇలాంటి అర్జీలు ఎక్కువగా దెబ్బతినేది తేదీల దగ్గరే. ధ్రువపత్రంలోని విశ్రాంతి రోజుల్లో పరీక్ష రోజు కలవాలి. 'అస్వస్థత' అని మాత్రమే రాసి, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు లేని కాగితానికి బలం ఉండదు. పరీక్ష అయ్యాక, పాత తేదీతో తెచ్చిన పత్రం అనుమానం రేపుతుంది.

జ్వరంతోనే హాల్లోకి వెళ్లి సగం రాసి వచ్చేవారి పరిస్థితి మరీ కష్టం. జవాబు పత్రం ఇచ్చాక వాయిదా అడగడానికి సాధారణంగా దారి మిగలదు.

హాజరు సంగతి వేరు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం 70 శాతం ఉండాలి. ప్రత్యేక కారణాలుంటే 65 వరకు సడలించవచ్చు. దానికి విడిగా ప్రిన్సిపాల్‌కు రాసుకోవాలి.