ఏడు నిలువు గళ్ల పుట

వారం రోజుల పనులను ఒకే కాగితం మీద చూపించే ప్రణాళిక పుటలో నిజానికి మూడు వేర్వేరు పనిముట్లు కలిసి ఉంటాయి. మొదటిది కాలపు వరుసలు, అంటే ఉదయం నుంచి రాత్రి వరకు ఒక్కొక్క గంటకు ఒక అడ్డగడి చొప్పున ఏడు రోజులకు గీసిన గళ్లు. రెండవది అలవాట్ల పట్టిక, అంటే నడక, చదువు, మందులు వేసుకోవడం వంటి నిత్యకృత్యాలను ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రాసి, ఏ రోజున ఏది జరిగిందో గుర్తు పెట్టుకునే చోటు. మూడవది గమనికల జాగా. జరగవలసినది మొదటిదానిలోనూ, జరిగినది రెండవదానిలోనూ, ఆ రెండింటిలో ఇమడనిది మూడవదానిలోనూ చేరుతుంది. ఈ మూడూ ఒకే కాగితపు చోటు కోసం పోటీపడతాయి కనుక, ఆ పోటీని ఎవరు ఏ సాధనంతో ఎలా పరిష్కరించారన్నదే ఈ పుట చరిత్ర.

ఒక ముద్రాపకుని చేతిరాత పుస్తకం

ఈ మూడింటికీ స్పష్టమైన తొలి రూపాలు ఫిలడెల్ఫియా నగరంలో ముద్రణాలయం నడిపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్న పుస్తకంలో కనిపిస్తాయి. యౌవనంలో తాను పాటించిన ఆ పద్ధతిని ఆయన 1784లో, పారిస్ సమీపంలోని పాసీలో ఉన్నప్పుడు, తన ఆత్మకథలో వివరంగా రాశాడు. మితాహారం, మౌనం, క్రమం మొదలైన పదమూడు సద్గుణాలను ఎంచుకుని, ఒక్కొక్క గుణానికి ఒక్కొక్క పుట కేటాయించి, ఆ పుట మీద ఎర్ర సిరాతో ఏడు రోజులకు ఏడు నిలువు గళ్లు, వాటికి అడ్డంగా పదమూడు గీతలు గీసుకున్నాడు. నిలువు గళ్లు ఆదివారంతో మొదలై శనివారంతో ముగిసేవి. ఆనాటి నడవడిలో ఏ గుణం విషయంలో తప్పు జరిగిందో ఆ గడిలో ఒక నల్లని చుక్క పెట్టేవాడు. వారానికి ఒక గుణం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టడం వల్ల పదమూడు వారాలకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు పూర్తయ్యేవి. నేటి పట్టికలో గుర్తు విజయానికి చిహ్నం కాగా, ఆయన పట్టికలో అది దోషానికి చిహ్నం. పుట ఎంత ఖాళీగా ఉంటే వారం అంత బాగా గడిచినట్లు.

అదే పుస్తకంలో ఇరవై నాలుగు గంటల దినచర్య కూడా ఉండేది. ఉదయం అయిదింటికి లేవడం, ఎనిమిది నుంచి పని, మధ్యాహ్నం చదువు, లెక్కలు, భోజనం, రెండు నుంచి మళ్లీ పని, సాయంత్రం వస్తువులను వాటి స్థానాల్లో పెట్టడం, పదింటికి నిద్ర అనే విభాగాలు గంటల అంకెల పక్కన రాసి ఉండేవి. ఈ రోజు ఏ మంచి పని చేయాలన్న ప్రశ్న ఉదయానికి, ఏ మంచి పని జరిగిందన్న ప్రశ్న సాయంత్రానికి జతచేసి ఉండటం గమనికల జాగాకు బీజరూపంగా భావించవచ్చు. అయితే ఈ దినచర్య, గుణాల పట్టిక ఒకే పుట మీద కలవలేదు.

ఆ పుస్తకానికి ఎదురైన మొదటి చిక్కు కాగితానికి సంబంధించినది. ఒక ఆవృత్తి ముగిశాక పాత చుక్కలను గీకి చెరిపి, ఆ గళ్లలోనే కొత్త చుక్కలు పెట్టవలసి రావడంతో కాగితం చిల్లులు పడింది. అందుకని ఆయన పట్టికలను దంతపు రేకుల పుస్తకంలోకి మార్చి, గీతలను చెరగని ఎర్ర సిరాతోనూ చుక్కలను పెన్సిలుతోనూ వేసి, తడి స్పాంజితో చుక్కలను మాత్రం తుడిచివేసేవాడు. అచ్చుయంత్రం చేతిలో ఉన్న మనిషి కూడా తన ఒక్కడి అవసరానికి గళ్ల పుటలు అచ్చు వేసుకోక రూళ్లకర్రతో గీసుకున్నాడన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

గీతలు గీసే యంత్రం, దాని పరిమితి

లండన్‌లో జాన్ లెట్స్ 1812లో తేదీలు అచ్చయిన డైరీని వ్యాపార వస్తువుగా తెచ్చిన తరువాత, గీతల పుటలు అంగళ్లలో దొరికే సరుకయ్యాయి. వాటి వెనుక పందొమ్మిదో శతాబ్దపు రూళ్ల యంత్రం పనిచేసింది. సిరా పారే కలాలను ఒక కడ్డీకి వరుసగా బిగించి, వాటి కిందుగా కాగితాన్ని కదిలిస్తే గీతలన్నీ ఒకేసారి పడతాయి. కాని కాగితం కదిలే దిశలో మాత్రమే గీత పడుతుంది కనుక నిలువు గీతలకు కాగితాన్ని తిప్పి రెండవసారి పంపాలి. గీత నడుమ ఆగాలంటే ఆ చోట కలాలను పైకి లేపే ఏర్పాటు కావాలి. పుట పొడవునా ఒకే తీరు గీతలుండే లెక్కల పుస్తకాలు చౌకగా తయారు కావడానికీ, పైన ఒక కొలతతో, కింద మరొక కొలతతో గళ్లుండే పుటలు ఖరీదు కావడానికీ ఇదే కారణం.

ఈ పరిమితి ఇళ్లలోనూ కార్యాలయాల్లోనూ బల్ల మీద ఇమిడే ప్రింటర్లతో తొలగింది. 1984లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ అంగుళానికి 300 చుక్కలు వేయగల లేజర్‌జెట్‌ను విడుదల చేసింది. అదే ఏడాది వెలువడిన అడోబ్ సంస్థ పోస్ట్‌స్క్రిప్ట్, పుట మీద ప్రతి గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో కొలతలతో చెప్పే భాష. దాని వారసత్వంతో 1993లో వచ్చిన పీడీఎఫ్ దస్త్రంలో కొలతలు ఏ కంప్యూటర్‌లో తెరిచినా మారవు. చుక్కలతో బొమ్మ వేసే యంత్రానికి నిలువు గీత, అడ్డగీత, నడుమ ఆగే గీత అన్నీ సమానమే కావడంతో, మూడు పనిముట్లను ఒకే పుట మీద కూర్చడం ఇక కొలతల లెక్కగా మిగిలింది.

ఒక పుట కొలతలు

ఆ లెక్కను అడ్డంగా తిప్పిన ఏ4 కాగితం మీద చేసి చూడవచ్చు. దాని వెడల్పు 297 మిల్లీమీటర్లు, ఎత్తు 210. ఇంటి ప్రింటర్లలో చాలావరకు కాగితపు అంచు దాకా ముద్రించలేవు కనుక పైన, కింద, కుడివైపున 10 మి.మీ. వదలాలి. ఫైలులో గుచ్చడానికి చేసే రంధ్రాల కేంద్రాలు అంచు నుంచి 12 మి.మీ. దూరంలో ఉండటం, రంధ్రం వ్యాసం 6 మి.మీ. కావడం ప్రామాణికం కనుక, రంధ్రం 15 మి.మీ. దాకా వస్తుంది, అందువల్ల ఎడమ అంచు 20 ఉండాలి. మిగిలిన 267లో ఎడమ గడికి 36, ఒక్కొక్క రోజుకు 33 చొప్పున ఏడింటికి 231 సరిపోతాయి. గంట అంకెకు పన్నెండు చాలినా ఎడమ గడికి 36 ఇవ్వడం వృథా కాదు, ఎందుకంటే కింద అలవాట్ల పేర్లు రాయవలసినదీ ఆ గడిలోనే. అప్పుడు కాలపు వరుసల నిలువు గీతలే అలవాట్ల పట్టికలోకి దిగుతాయి. వారాల పేర్లు పైన ఒక్కసారి రాస్తే రెండింటికీ పనికివస్తాయి. గురువారం నడక ఎందుకు తప్పిందో అదే గడి వెంట కన్ను పైకి పోనిస్తే తెలుస్తుంది.

ఎత్తులో అంచులు పోగా 190 మిగులుతుంది. శీర్షికకు 8, వారాల పేర్లకు 7 ఇచ్చి, ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు పదహారు గంటలకు 7 చొప్పున 112 కేటాయించాలి. 3 మి.మీ. ఎడం తరువాత అయిదు అలవాట్లకు 6 చొప్పున 30, మళ్లీ 3 ఎడం, చివర గమనికలకు 27 మిగులుతాయి. అరగంటకొక వరుస కావాలంటే అదే 112లో ముప్పై రెండు వరుసలు, ఒక్కొక్కటి మూడున్నర మిల్లీమీటర్లే అవుతాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు చేరతాయి కనుక ఆ ఎత్తులో చేతిరాత ఒకదాని మీద ఒకటి పడుతుంది, 7 మి.మీ. వరుసలో వత్తుకు చోటు దక్కుతుంది. గమనికల పట్టీని 267 వెడల్పున ఒకే గడిగా వదిలితే, పంక్తి చివరి నుంచి తరువాతి పంక్తి మొదటికి కన్ను తిరిగి రావడం కష్టమవుతుంది. 89 చొప్పున మూడు గళ్లు చేస్తే ఒక్కొక్కదానిలో 9 మి.మీ. పంక్తులు మూడు పడతాయి.

ముద్రణలో తప్పేవి

కంప్యూటర్ తెర మీద సరిగా కనిపించిన పుట కాగితం మీద తప్పడానికి ముఖ్యకారణం పరిమాణం. ముద్రణ కిటికీలో "Fit" ఎంపిక ఉంటే యంత్రం పుటను అంచుల్లో ఇమిడేలా కుదిస్తుంది. "Actual size" ఉంటేనే కొలతలు నిలుస్తాయి. అమెరికాలో వాడే లెటర్ కాగితం పొడవు 279.4 మి.మీ. మాత్రమే కనుక, ఏ4 పుటను దానికి కుదిస్తే అన్నీ 94 శాతానికి తగ్గి 33 మి.మీ. గడి 31 అవుతుంది. అక్కడ స్థిరపడిన బంధువులు హైదరాబాదు నుంచి పంపిన దస్త్రాన్ని ముద్రించినప్పుడు ఇదే జరుగుతుంది. దీన్ని పసిగట్టడానికి పుట అడుగున సరిగ్గా 100 మి.మీ. గీత ఒకటి చేర్చి, ముద్రించిన తరువాత స్కేలుతో కొలిస్తే చాలు.

రెండవది గీత మందం. పలుచని బూడిదరంగు గీతలు తెర మీద అందంగా కనిపించినా, నలుపు మాత్రమే ఉన్న లేజర్ యంత్రం బూడిదరంగును విడివిడి నల్లచుక్కలతో చూపిస్తుంది కనుక గీత తెగిపోతుంది. అర పాయింటు, అంటే సుమారు 0.18 మి.మీ. మందం గల నల్లగీత, అంగుళానికి 600 చుక్కల యంత్రం మీద నాలుగు చుక్కల వెడల్పుతో నిండుగా పడుతుంది. మూడవది రెండు వైపులా ముద్రణ: ఈ పుట పొట్టి అంచున గుచ్చబడుతుంది కనుక "Flip on short edge" ఎంచుకోవాలి, లేకపోతే వెనుక పుట తలకిందులవుతుంది. వెనుక పుటలో 20 మి.మీ. అంచు కుడివైపుకు మారాలి.

వారానికి మించిన కాలం

కొలతలు కుదిరినా ఒక లోపం మిగులుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందితో జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా స్థిరపడటానికి పట్టిన కాలపు మధ్యమ విలువ 66 రోజులని తేలింది. వ్యక్తిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు ఉండవచ్చని వారి లెక్క. ఒకసారి తప్పినంత మాత్రాన ఆ క్రమం చెప్పుకోదగినంతగా చెడలేదని కూడా తేలింది. 66 రోజులంటే సుమారు తొమ్మిదిన్నర వారాలు కనుక, ఏ ఒక్క వారపు పుటా అలవాటును పూర్తిగా చూపలేదు. అలవాటు పేరున్న 36 మి.మీ. గడిలో చివరి 8 మి.మీ. విడదీసి, గత వారాల మొత్తాన్ని అక్కడ రాసుకుంటే ఈ లోపం తీరుతుంది. చేసినదానికి అడ్డగీత, చేయనిదానికి చుక్క పెట్టడం కూడా అవసరం. లేకపోతే ఖాళీ గడి పని తప్పడాన్ని సూచిస్తుందో, గుర్తు పెట్టడం మరవడాన్ని సూచిస్తుందో తెలియదు.

ఫ్రాంక్లిన్‌ను అన్నిటికంటె ఎక్కువ బాధించిన గుణం క్రమం. కూలికి పనిచేసే ముద్రణ కార్మికుడు గంటల పట్టికను పాటించగలడేమో గాని, వ్యవహారం మీద వచ్చేవారిని వారికి వీలైన వేళల్లో కలుసుకోవలసిన యజమానికి అది సాధ్యం కాదని ఆయన ఒప్పుకున్నాడు. ఆయన దినచర్యలో, వచ్చినవారు తోసివేసిన పని వెళ్లి చేరడానికి చోటు లేదు. నేటి పుటలో గమనికల మూడవ గడిని అందుకే కేటాయించాలి: గంట తప్పిన పని ఆ గడిలోకి దిగుతుంది, ఆదివారం కొత్త కాగితం ముద్రించినప్పుడు అక్కడి నుంచి కొత్త గంటలోకి ఎక్కుతుంది. పాత చుక్కలను గీకవలసిన పని లేదు కనుక, తప్పిన వారం కూడా చిల్లు పడకుండా ఫైలులో మిగిలి, తరువాతి వారపు గంటలను ఎంత మితంగా నింపాలో చెబుతుంది.