ఐదు రౌండ్లు అయ్యాక రాయాల్సిన మెయిల్

మా మేనకోడలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. మొన్న జూన్‌లో ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూలకు వెళ్లడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి ఐదు రౌండ్లు అయ్యాయి. చివరిసారి మాట్లాడినప్పుడు హెచ్‌ఆర్ అమ్మాయి "వారంలో చెబుతాం" అంది. వారం గడిచింది. "ఏమైనా తెలిసిందా అండీ?" అని మా పిల్ల మెయిల్ పెడితే, "ప్రాసెస్‌లో ఉంది, చెబుతాం" అని జవాబొచ్చింది.

ఆ జవాబులో తప్పేమీ లేదు. అడిగిన ప్రశ్నే అలాంటిది. హెచ్‌ఆర్‌లో ఒక్కొక్కరు ఒకేసారి ఎన్నో ఖాళీలు చూస్తుంటారు, ఒక్కో ఖాళీకి పదులమంది అభ్యర్థులు. పేరు చూడగానే మన కథంతా గుర్తురాదు. మనం ఏ దశలో ఉన్నామో వాళ్ల సిస్టమ్‌లో ఒక గడి చూపిస్తుంది. ఆ గడిలో ఉన్నదే వాళ్లకు తెలిసిన నిజం. మనకు తెలిసిన నిజం వేరుగా ఉంటే, ఆ సంగతి మనం చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

జూలై 14న ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. కొత్త మెయిల్ తెరవకుండా పాతదానికే జవాబుగా రాయమన్నాను, వెనకటి ఉత్తరాలన్నీ కిందే ఉంటాయని. తను ఇంగ్లీషులో రాసినదాని సారం ఇది:

"జూన్ 3న మీతో ఫోన్‌లో మాట్లాడాను. 7న ఆన్‌లైన్ టెస్టు, 14న మొదటి టెక్నికల్ రౌండ్, 21న రెండోది, 28న మేనేజర్‌తో ఇంటర్వ్యూ అయ్యాయి. మీరడిగిన మూడు నెలల పే స్లిప్పులు జూలై 2న పంపాను. ఆ రోజే వారంలో చెబుతామన్నారు. ఇందులో ఏదైనా మీ రికార్డుతో కలవకపోతే చెప్పండి.

ఇంకా ఇంటర్వ్యూ రౌండ్ ఏదైనా ఉందా, లేక నిర్ణయం ఒక్కటే మిగిలిందా? నేను పంపాల్సిన కాగితం ఏమైనా ఉందా? నిర్ణయం ఏ తేదీకల్లా తెలియవచ్చు? నాకు ఇంకో ఆఫర్ ఉంది, దానికి జూలై 18లోగా జవాబివ్వాలి. ఇక్కడ నా నోటీస్ పీరియడ్ 60 రోజులు."

టెక్నికల్ రౌండ్ల తేదీల పక్కన ఇంటర్వ్యూ చేసినవాళ్ల పేర్లు కూడా వేసింది. మొదటి చిత్తులో ఏ రౌండ్‌లో ఏం అడిగారో, తను ఎంత బాగా చెప్పిందో రెండు పేరాలు ఉంటే తీసేయించాను. అది మదింపు చేసేవాళ్ల పని, ఈ మెయిల్ పని కాదు. మూడు ప్రశ్నలూ కూడా అవుననో, కాదనో, ఒక తేదీతోనో తేలిపోయేవి. "నా పరిస్థితి ఏమిటి?" అని అడిగితే అవతలివాళ్లు కూర్చుని ఆలోచించి రాయాలి, అందుకే అది రేపటికి వాయిదా పడుతుంది. రెండో ఆఫర్ సంగతి నిజం కాబట్టే రాశాం. లేని ఆఫర్ పేరు చెప్పి తొందరపెడితే, "అయితే అందులో చేరండి" అంటే ఇక మాట ఉండదు.

మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది. సిస్టమ్‌లో తను ఇంకా రెండో టెక్నికల్ రౌండ్ దగ్గరే ఆగి ఉందట. 21న ఇంటర్వ్యూ చేసినాయన తన అభిప్రాయం నమోదు చేయకుండానే సెలవు మీద వెళ్లాడు. మేనేజర్ రౌండ్ కుదిరిన మాట ఫోన్ల మీదే నడిచింది కాబట్టి ఆ లోటు ఎవరి కంటా పడలేదు. తేదీ, పేరు రెండూ ఎదురుగా కనిపించేసరికి హెచ్‌ఆర్ అమ్మాయి నేరుగా ఆయనకే ఫోన్ చేసింది. "ఏమైనా తెలిసిందా?" అని ఇంకో పదిసార్లు అడిగినా ఈ ముడి బయటపడేది కాదు.

అన్నిసార్లూ ఇలా తేలదు. ఆ ఖాళీనే ఆపేసి ఉన్నా, ముందు ఇంకొకరికి ఆఫర్ ఇచ్చి వాళ్ల జవాబు కోసం చూస్తున్నా మెయిల్‌తో కదిలేదేమీ ఉండదు. ఆ సంగతి హెచ్‌ఆర్ బయటికి చెప్పకపోవచ్చు కూడా. అయితే ఒక గుర్తుంది. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబిచ్చి, తేదీ దగ్గర మాత్రం మాట దాటేస్తే, నిర్ణయం వాళ్ల చేతిలో లేదని నేననుకుంటాను. అప్పుడు చేతిలో ఉన్న ఆఫర్ సంగతి చూసుకోవడమే.

మా పిల్లకు 17న జీతం గురించి ఫోన్ వచ్చింది. మాట కుదిరింది, ఆఫర్ లెటర్ రెండు రోజుల్లో పంపుతామన్నారు. లెటర్ వచ్చేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా పెట్టొద్దన్నాను. రెండో కంపెనీని ఇంకో మూడు రోజులు గడువడిగింది. ఇచ్చారు.