డబ్బా, గడియారం, చీనీ తోట: డ్రిప్పుతో నిజంగా మిగిలే నీళ్లెన్ని?

(దృశ్యం: అనంతపురం జిల్లా, తాడిపత్రి వైపు ఒక చీనీ తోట. మే నెల, ఉదయం ఏడు గంటలు. బోరు దగ్గర 200 లీటర్ల డ్రమ్ము, పక్కన ఒక కొలత జాడీ.)

డ్రిప్పు పెడితే సగం నీళ్లు మిగులుతాయని, ముప్పావు వంతు మిగులుతాయని గోడల మీద, కరపత్రాల్లో చదివే ఉంటారు. ఆ లెక్క మీ పొలంలో నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. దానికి ఒక డ్రమ్ము, ఒక జాడీ, గడియారం ఉంటే చాలు. ఈ రోజు ఈ తోటలో అదే చేద్దాం.

ఇది నాలుగు ఎకరాల చీనీ తోట. చెట్టుకూ చెట్టుకూ ఆరు మీటర్ల దూరం. ఎకరాకు 110 చొప్పున మొత్తం 440 చెట్లు. అన్నీ కాపు మీదున్న పెద్ద చెట్లు. మూడేళ్ల కిందటి దాకా కాలువలు తీసి పాదులకు నీళ్లు కట్టేవారు. ఆ తర్వాత డ్రిప్పు వేశారు.

ముందు బోరు ఎన్ని నీళ్లు పోస్తోందో చూద్దాం. రెండంగుళాల నీళ్లు, మూడంగుళాల నీళ్లు అని చెప్పుకుంటాం కానీ, ఆ మాటతో లెక్క కుదరదు. పైపు డ్రమ్ములోకి తిప్పి గడియారం చూడండి.

(దృశ్యం: డ్రమ్ము నిండుతోంది. పొంగగానే రైతు చెయ్యి ఎత్తుతాడు.)

సరిగ్గా ఒక నిమిషం. నిమిషానికి 200 లీటర్లంటే గంటకు 12,000 లీటర్లు. మోటారు వేసిన వెంటనే కాకుండా అరగంట ఆడిన తర్వాత కొలవండి. మొదట్లో బోరులో నిలిచి ఉన్న నీళ్లు వస్తాయి కాబట్టి ధార ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక పాత పద్ధతిలో ఎన్ని నీళ్లు పట్టేవో రైతునే అడుగుదాం. అన్నా, కాలువలతో కట్టినప్పుడు ఒక తడికి ఎన్ని రోజులు పట్టేది?

"దినానికి తొమ్మిది గంటల కరెంటుతో ఐదు దినాలు పట్టేదప్పా. ఎండాకాలంలో వారానికొక తడి ఇయ్యాల్సిందే. ఒక మనిషి పార పట్టుకుని అదే పని మీద ఉండాల."

ఐదు రోజులు, రోజుకు తొమ్మిది గంటలు. అంటే 45 గంటలు. గంటకు 12,000 చొప్పున ఒక తడికి 5,40,000 లీటర్లు. వారానికి పంచితే రోజుకు సుమారు 77,000 లీటర్లు. అప్పుడు కూడా బోరు ఇన్నే నీళ్లు పోసిందనుకుని వేసిన లెక్క ఇది. అప్పటి ధారను ఎవరూ కొలవలేదు కాబట్టి దీన్ని అంచనాగానే చూడండి.

(దృశ్యం: చెట్టు కింద. మధ్యాహ్నపు నీడ అంచుల వరకు టేపు పట్టి కొలుస్తున్నారు.)

చెట్టుకు అసలు ఎంత కావాలి? ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు లోతున నీళ్లు నిలబెడితే అది సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా లెక్కంతా తేలిక. మే నెలలో ఈ ప్రాంతపు ఎండకు, గాలికి, ఆకు కప్పిన మేర రోజుకు ఏడు మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరైపోతాయని లెక్క కట్టాను. ఈ చెట్టు నీడ నాలుగున్నర మీటర్ల వెడల్పుంది. ఆ వృత్తం 16 చదరపు మీటర్లు. పదహారు ఏడ్లు 112 లీటర్లు. డ్రిప్పులోనూ పదో వంతు దాకా వృథా అవుతుంది కాబట్టి 125 లీటర్లు పోద్దాం. 440 చెట్లకు రోజుకు 55,000 లీటర్లు.

పాత పద్ధతిలో 77,000. ఇప్పుడు 55,000. వందలో 29 మిగిలాయి. గోడ మీద రాసిన సగం రాలేదు.

ఎందుకు రాలేదో అర్థం చేసుకోవాలి. ఆకు నుంచి ఆవిరయ్యే నీటిని డ్రిప్పు తగ్గించదు. కాలువతో కట్టినా, చుక్క చుక్కగా పోసినా, చీనీ చెట్టు తాగేది అంతే. డ్రిప్పు ఆపేది రెండింటినే. కాలువ పొడవునా, చెట్ల మధ్య ఖాళీ నేలలో ఆరిపోయే నీళ్లు ఒకటి. వేళ్ల కిందికి జారిపోయే నీళ్లు రెండోది. చెట్టు పెద్దదై నేలంతా నీడ కమ్మే కొద్దీ ఆదా తగ్గుతూ వస్తుంది.

అందుకే పక్కనున్న రెండేళ్ల తోట లెక్క వేరుగా వస్తుంది. అక్కడ ఒక్కో మొక్క నీడ ఒకటిన్నర మీటర్లే. అంటే రెండు చదరపు మీటర్లకు లోపే. పదిహేను లీటర్లు చాలు, ధారాళంగా 20 పోద్దాం. అదే ఎకరానికి కాలువలతో వారానికి నాలుగు గంటలు నీళ్లు కట్టేవారట. మొక్కకు రోజుకు 62 లీటర్లు పడేవన్నమాట. ఇక్కడ మూడింట రెండు వంతులు మిగులుతున్నాయి. కాబట్టి ఎవరైనా మీకు ఆదా అంకె చెబితే, ఏ పంటకు, ఎంత వయసుకు, ఏ పద్ధతితో పోల్చి చెప్పారో అడగండి.

ఇప్పటిదాకా వేసింది కాగితం మీది లెక్క. డ్రిప్పు కొత్తగా ఉన్నప్పుడు ఎలా నడవాలో అది చెబుతుంది. ఇప్పుడెలా నడుస్తోందో చూద్దాం.

(దృశ్యం: రెండు గేట్ వాల్వులు. ఒకటి తెరిచి ఉంది. కెమెరా మొదటి చెట్టు దగ్గరికి వెళ్తుంది.)

తోటను రెండు భాగాలు చేశారు. ఒక వాల్వు కింద 220 చెట్లు, చెట్టుకు ఆరు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు ఎనిమిది లీటర్లు పోసే రకం. అంటే చెట్టుకు గంటకు 48 లీటర్లు. 125 లీటర్లకు రెండు గంటల నలభై నిమిషాల లోపే సరిపోవాలి. రెండు వాల్వులకు కలిపి ఐదుంబావు గంటలు. అన్నా, మీరు ఎంతసేపు వేస్తున్నారు?

"కరెంటు ఉన్నంతసేపూ వేస్తాన్నామప్పా. తొమ్మిది గంటలూ. అయినా కొసాకున ఉండే చెట్లకు నీళ్లు తక్కువే పడతాండాయి."

ఐదు గంటల పని తొమ్మిది గంటలు పడుతోంది. ఎందుకు? జాడీ పెట్టి చూద్దాం. గంటకు ఎనిమిది లీటర్లంటే పావుగంటలో రెండు లీటర్లు పడాలి. డ్రిప్పర్ కింద చిన్న గుంట తీసి, జాడీ దించి, చుక్కలన్నీ అందులోనే పడేలా చూడండి. పైపు వెంట పక్కకు జారిపోయే నీళ్లు జాడీలోకి రావు, కాబట్టి డ్రిప్పర్‌కు చిన్న దారం కట్టి జాడీలోకి వేలాడదీయండి.

(దృశ్యం: మొదటి చెట్టు దగ్గర జాడీలో రెండు లీటర్లు. చివరి వరుసలో చివరి చెట్టు దగ్గర 1.2 లీటర్లు.)

మొదట రెండు, చివర ఒకటీ పాయింటు రెండు. కొస చెట్టుకు వందలో అరవై వంతులే అందుతోంది. దానికి 125 లీటర్లు చేరాలంటే ఒక్కో వాల్వు నాలుగు గంటల ఇరవై నిమిషాలు ఆడాలి. రెండిటికీ కలిపి దాదాపు తొమ్మిది గంటలు. ఈలోగా మొదటి చెట్లకు రెండు వందల లీటర్లు దాటి పడుతున్నాయి, అవి వేళ్లు దాటి కిందికి పోతున్నాయి. తోటంతటి సగటు తీస్తే రోజుకు 73,000 లీటర్లకు పైనే ఖర్చవుతోంది. పాత కాలువల లెక్క 77,000. మూడేళ్లకే ఆదా దాదాపు ఆవిరైపోయింది.

తప్పెక్కడుంది? ముందు ఫిల్టర్ చూద్దాం. దానికి ఇటు ఒకటి, అటు ఒకటి ప్రెజర్ మీటర్లు ఉంటాయి. రెంటి మధ్య తేడా అర కిలో దాటితే ఫిల్టర్ మూసుకుపోయిందన్నమాట. ఇక్కడ ఒక మీటరు పాడైపోయింది, చాలా తోటల్లో ఇదే చూస్తున్నాను. మీటరు లేకపోతే ఫిల్టర్ కడగాల్సిన సమయం తెలియదు. విప్పి చూస్తే లోపల జాలికి మట్టి పట్టింది. కడిగాం. అయినా కొసన 1.4 దాటలేదు.

(దృశ్యం: కోసిన డ్రిప్పర్ అరచేతిలో. లోపల తెల్లటి పొర.)

ఈ తెల్లటి పొర మీద ఒక చుక్క యాసిడ్ వేద్దాం. బుస్సున నురగ వచ్చింది. సున్నం. బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, గట్టి నీళ్లయిన చోట ఇది మామూలు. నురగ రాకుండా, పచ్చగా జిగటగా ఉంటే నాచు. దానికి మందు వేరు, బ్లీచింగ్. రెండు మందులూ ఎప్పుడూ కలపకండి, ఊపిరి ఆడనివ్వని విషవాయువు పుడుతుంది.

సున్నానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడతారు. ఎన్ని లీటర్లని నేను చెప్పను, ఎందుకంటే అది మీ నీళ్లను బట్టి మారుతుంది. ముందు ఒక బకెట్ బోరు నీళ్లలో కొద్దికొద్దిగా యాసిడ్ కలుపుతూ, పీహెచ్ రంగు కాగితంతో పీహెచ్ నాలుగు దగ్గరికి వచ్చేదాకా చూడండి. బకెట్‌కు పట్టినంత నిష్పత్తిలో వెంచురీ ద్వారా పంపండి. కొస డ్రిప్పర్ దగ్గర కూడా కాగితం అదే రంగు చూపాక మోటారు ఆపి, ఒక రోజు అలాగే వదిలేయండి. మరుసటి రోజు ఎండ్ క్యాపులు విప్పి, తేట నీళ్లు వచ్చేదాకా కడగండి. నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

(దృశ్యం: రెండు రోజుల తర్వాత, అదే చివరి చెట్టు. జాడీలో 1.8 లీటర్లు.)

కొత్త డ్రిప్పుకు వచ్చే రెండు రాలేదు. అయినా ఒకటీ పాయింటు ఎనిమిది మంచి అంకె. ఇప్పుడు కొస చెట్టుకు 125 లీటర్లు చేరడానికి వాల్వుకు మూడు గంటల లోపు చాలు. రెంటికీ కలిపి ఆరు గంటల లోపే, రోజుకు 58,000 లీటర్లు. పాత కాలువలతో పోలిస్తే వందలో 25 మిగులు. ఈ తోట అంకె ఇదీ.

ఇందులో రైతుకు చేతికొచ్చేది ఏమిటి? కరెంటు ఉచితం కాబట్టి బిల్లు తగ్గదు. కాలువల మీద వారంలో ఐదు రోజులు నిలబడే మనిషి కూలి మిగిలింది. మోటారు మూడు గంటలు తక్కువ ఆడుతోంది. శీతాకాలంలో ఇంకా తక్కువ ఆడాలి, ఎండ తగ్గితే ఏడు మిల్లీమీటర్లు నాలుగైనా కావు. ఏడాదంతా ఒకే టైము వేసేవాళ్లు అక్కడే నీళ్లు పోగొట్టుకుంటున్నారు.

మిగిలిన నీళ్ల సంగతి ఇంకొకటుంది. అన్నా, ఆ మూడు గంటలతో ఏం చేస్తారు?

"ఇంకొక ఎకరం చీనీ పెడదామనుకుంటాన్నా."

పెడితే బోరు మళ్లీ ముందులాగే తోడుతుంది, ఆ ఎకరం కాపుకొచ్చే నాటికి ఇంకా ఎక్కువే తోడవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. కాలువల నుంచి కిందికి జారిన నీళ్లలో కొంత మళ్లీ భూగర్భానికే చేరేవి. ఇప్పుడు ఆ చేరడం తగ్గింది. అందుకే పొలంలో వందకు 25 వంతులు మిగిలినా, ఊరి నీటిమట్టానికి అంత మిగలదు. మీరు అదనంగా నాటకపోతేనే ఆ మిగులులో ఎంతో కొంత బోరులో ఉంటుంది.

(దృశ్యం: రైతు స్టార్టర్ పెట్టె తలుపు లోపల సుద్దముక్కతో తేదీ, పక్కన 1.8 అని రాస్తున్నాడు.)

"ఒక ఏడు ఆగి, మళ్లా ఈ జాడీ పెట్టి చూసినాక నాటుదాంలే అప్పా."