ఉప్పు వేయకుండా వండిన అన్నం

గోవాలో పోర్చుగీసువారి మతవిచారణ న్యాయస్థానం, అంటే ఇన్‌క్విజిషన్, 1560లో మొదలైంది. 1774లో రద్దయి, 1778లో మళ్లీ ప్రాణం పోసుకుని, 1812లో పూర్తిగా మూతపడింది. దాని కార్యాలయం పాత గోవాలో ఒకప్పటి ఆదిల్‌షాహీ భవనం. కొంకణి జనం దాన్ని ‘పెద్ద ఇల్లు’ అనేవారు. బాప్తిస్మం పుచ్చుకున్నాక పాత మతాచారాలు పాటించడం అక్కడ నేరం. కాలం గడిచేకొద్దీ, రహస్యంగా హిందూ ఆచారాలు పాటిస్తున్నారన్న ఆరోపణ మీదే ఎక్కువమంది పట్టుబడ్డారు.

ఏవి నేరాలో 1736 ఏప్రిల్‌లో వెలువడిన శాసనం విడివిడిగా చెప్పింది. ఇంట్లో గానీ పెరట్లో గానీ తులసి మొక్క ఉండకూడదు. ఏకాదశి ఉపవాసం కూడదు. పెళ్లిళ్లలో పువ్వులు, తాంబూలం పంచకూడదు, కొంకణి పెళ్లిపాటలు పాడకూడదు. వధూవరులకు పసుపు, కొబ్బరినూనె, బియ్యప్పిండి రాసి నలుగు పెట్టకూడదు. అన్నం ఉప్పు లేకుండా వండి తర్వాత ఉప్పు కలుపుకోవడం హిందువుల పద్ధతి కాబట్టి అదీ నిషిద్ధమే. దేవుడి మీద ఎవరి నమ్మకం ఏమిటో తేల్చడం కష్టం, అన్నంలో ఉప్పు ఉందో లేదో తేల్చడం తేలిక. ఆ శాసనంలోని క్రూరత్వమంతా ఇక్కడే ఉంది.

ఆ రోజుల్లో సాష్టి ప్రాంతపు ఊళ్లో ఉన్న ఒక ఇంటిని కథగా ఊహించవచ్చు. కుటుంబం కల్పితం, చుట్టూ ఉన్న పరిస్థితులు నిజం. ముత్తాతల కాలంలోనే వాళ్లు క్రైస్తవులయ్యారు. ఆదివారం చర్చికి వెళతారు, పిల్లలకు పోర్చుగీసు పేర్లు. వాకిట్లో తులసికోట ఉన్నచోట ఇప్పుడు శిలువ నిలబడింది. మొక్క మాత్రం పెరట్లో మిరపచెట్ల మధ్య పెరుగుతోంది. ముసలమ్మ ఏకాదశినాడు ఒంట్లో బాగాలేదని చెప్పి అన్నం మానేస్తుంది. కూతురి పెళ్లి దగ్గర పడింది. నలుగు పెట్టకుండా పిల్లను పీటల మీద ఎలా కూర్చోబెట్టాలన్నది ఆవిడ బెంగ.

అంతలో పక్కింటాయన్ను పెద్ద ఇంటికి తీసుకుపోతారు. విచారణ ఎలా సాగేదో ఫ్రెంచి వైద్యుడు షార్ల్ దెల్లోన్ రాతల వల్ల తెలుస్తుంది. డామన్‌లో అరెస్టయి గోవా చెరలో గడిపిన ఆయన 1687లో తన అనుభవాన్ని ప్రచురించాడు. ఫిర్యాదు చేసినవారెవరో ఖైదీకి చెప్పేవారు కాదు. నేరమేమిటో తనే గుర్తు తెచ్చుకుని ఒప్పుకోవాలి. ఆ తప్పులో పాలుపంచుకున్నవారి పేర్లు కూడా చెబితేనే ఒప్పుకోలు పూర్తయినట్టు. పక్కింటాయన పోయిన ఏడాది వీళ్లింట్లో భోంచేశాడు. అన్నం ఎలా వండారో ఆయనకు తెలుసు.

ఇంటి యజమాని ముందు మూడు దారులున్నాయి. మొదటిది నోరు మూసుకోవడం. కానీ తెలిసిన తప్పును చెప్పకుండా దాచినవారు వెలికి గురవుతారని చర్చిలో ప్రకటన చదివేవారు. కాబట్టి మౌనం కూడా నేరమే. రెండోది నదులు దాటి ఫోండాకు పారిపోవడం. 1763 దాకా ఆ ప్రాంతం పోర్చుగీసు ఏలుబడిలో లేదు. కుశస్థలిలోని మంగేశుని విగ్రహాన్ని భక్తులు 1560లో తరలించింది అటువైపే. అయితే పారిపోతే పొలం, ఇల్లు పోతాయి, పెళ్లి ఆగిపోతుంది. మూడోది ముందుగా తనే వెళ్లి చెప్పడం.

ఆయన మూడో దారి పడతాడు. పక్కింటి పెరట్లో తులసి చూశానని మాత్రం చెబుతాడు. ఊరందరికీ తెలిసిన సంగతే కదా అని సమాధానపడతాడు. కానీ లోపల ఉన్న మనిషికి అది మరో సాక్ష్యం. రాత్రికి రాత్రి తన ఇంటి తులసిని పీకేస్తాడు. ముసలమ్మ తలుపులన్నీ వేసి, పాట లేకుండా, పసుపు లేకుండా, కొబ్బరిపాలు మాత్రం మనవరాలి ఒంటికి రాస్తుంది. ఆయన్ను దుర్మార్గుడిగా చిత్రిస్తే కథ అబద్ధమవుతుంది. ఇరుగుపొరుగుల భయంతోనే ఆ న్యాయస్థానం నడిచింది, ఆయన చేత ఆ మాట చెప్పించింది కూడా ఆ భయమే.

అందరికీ మరణశిక్ష పడేది కాదు. బహిరంగ ప్రాయశ్చిత్తం, కొరడాదెబ్బలు, ఆస్తి జప్తు, దేశబహిష్కారం లాంటి శిక్షలే ఎక్కువ. దెల్లోన్‌కు ఐదేళ్లు ఓడల చాకిరీ వేశారు. గోవాలోని విచారణ పత్రాల్లో చాలాభాగం తర్వాతి కాలంలో నాశనమయ్యాయి. అందుకే ఇలాంటి కుటుంబాల లోపలి మాటలు ఇవాళ చరిత్రలో కన్నా కథల్లోనే దొరకాలి.

నిషేధించిన ఆచారాలన్నీ మాత్రం పోలేదు. గోవా కేథలిక్కుల ఇళ్లలో పెళ్లికి ముందు వధూవరులకు కొబ్బరిపాలు రాసే వేడుకను ‘రోస్’ అంటారు. అది ఇప్పటికీ పాటలతో, బంధువులందరి ఎదుట జరుగుతోంది.