తెలుగు సంభాషణలో మాటవంతు: వాయిస్ చాట్‌బాట్‌లలో విరామం, ఆలస్యం, అంతరాయం

వ్యాస సంగ్రహం:
మనిషి మాటను విని, మాటతోనే జవాబిచ్చే వాయిస్ చాట్‌బాట్‌లు మాటవంతును ఎక్కువగా నిశ్శబ్దం ఆధారంగా నిర్ణయిస్తాయి. తెలుగు వాక్యంలో కాలం, నిషేధం, ప్రశ్న వంటి అర్థాలు క్రియ చివర వెల్లడవుతాయి. శ్రోత ఊకొట్టడం తెలుగు సంభాషణలో సహజం. ఈ రెండు లక్షణాల వల్ల నిశ్శబ్దం ఒక్కటే ప్రమాణంగా చాలదని, క్రియారూపాలను, ఊకొట్టే పదాలను పరిగణించే విధానం అవసరమని ఒక ఊహాత్మక సంభాషణ ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వాయిస్ చాట్‌బాట్, మాటవంతు, అసమాపక క్రియ, ఊకొట్టడం, సంభాషణ విశ్లేషణ.

1. ప్రవేశిక

సంభాషణలో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే క్రమాన్ని శాస్త్రీయంగా వివరించిన తొలి ప్రధాన వ్యాసాన్ని హార్వీ సాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ 1974లో ప్రచురించారు. ఒకరి మాట ఎక్కడ ముగియగలదో శ్రోత ముందుగానే ఊహిస్తాడని, అందువల్లే వంతులు పెద్ద విరామం గానీ అతివ్యాప్తి గానీ లేకుండా మారుతాయని వారు చూపారు. తాన్యా స్టైవర్స్ బృందం 2009లో పది భాషల సంభాషణలను పోల్చి చూసింది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య సగటు వ్యవధి సుమారు 200 మిల్లీసెకన్లని, అంటే సెకనులో ఐదో వంతని తేల్చింది. ఆ పది భాషల్లో తెలుగు లేదు.

ఒక చిన్న మాటను తలచుకొని పలకడానికే మనిషికి అర సెకనుకు పైగా పడుతుంది. అయినా జవాబు 200 మిల్లీసెకన్లలో వస్తోందంటే, ఎదుటివారి వాక్యం పూర్తికాకముందే శ్రోత తన జవాబును సిద్ధం చేసుకుంటున్నాడని అర్థం. వాయిస్ చాట్‌బాట్‌కు ఎదురయ్యే ప్రధాన సమస్య ఇక్కడే ఉంది. అది మనిషిలా ముందుగా ఊహించదు. మాట ఆగిందని నిశ్చయించుకున్నాకే పని మొదలుపెడుతుంది.

2. మూడు అంచెల నిర్మాణం, ఆలస్యానికి మూలం

వాయిస్ చాట్‌బాట్‌లో సాధారణంగా మూడు అంచెలు ఉంటాయి. మొదటిది ధ్వనిని పాఠంగా మార్చే స్పీచ్ రికగ్నిషన్. రెండవది ఆ పాఠాన్ని చదివి జవాబును రచించే భాషా నమూనా. మూడవది ఆ జవాబును పలికే స్పీచ్ సింథసిస్. వీటన్నిటికీ ముందు ద్వారపాలకుడి వంటి చిన్న విభాగం ఒకటి ఉంటుంది. అది ధ్వనిని కొన్ని పదుల మిల్లీసెకన్ల ముక్కలుగా పరిశీలిస్తూ, ప్రతి ముక్కలో మనిషి మాట ఉందో లేదో చెబుతుంది. నిర్ణీత వ్యవధి పాటు మాట వినిపించకపోతే వక్త వంతు ముగిసిందని ప్రకటిస్తుంది.

ఒక ఉదాహరణగా ఈ వ్యవధిని 700 మిల్లీసెకన్లుగా పెట్టారనుకోవచ్చు. పాఠం ఖరారు కావడానికి 100, భాషా నమూనా తొలి పదబంధాన్ని ఇవ్వడానికి 400, దానిని ధ్వనిగా మార్చడం మొదలుకావడానికి 200, రాకపోకలకు 100 పడితే మొత్తం 1500 మిల్లీసెకన్లు అవుతుంది. మూడు అంచెల్లో ఏ ఒక్కటీ తీసుకోనంత సమయం కేవలం వేచి ఉండడానికే ఖర్చయింది. కాబట్టి వేగవంతమైన భాషా నమూనాను తెచ్చినంత మాత్రాన ఆలస్యం పెద్దగా తగ్గదు. వేచి ఉండే వ్యవధిని తగ్గిస్తే మరో దోషం తలెత్తుతుంది. ఆలోచించుకోవడానికి ఆగిన వక్త మాటకు బాట్ అడ్డుపడుతుంది. నెమ్మదిగా మాట్లాడే వృద్ధులు, అంకెలను గుర్తుచేసుకుంటూ చెప్పేవారు ముందుగా నష్టపోతారు.

3. క్రియ చివర దాగిన అర్థం

విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం తరఫున ఫోనులో జవాబిచ్చే బాట్‌ను ఊహించుకుందాం. ఒక విద్యార్థిని ఇలా అంటుంది: "నేను పోయిన వారం ఫీజు కట్టి..." ఇక్కడ ఆమె తేదీ గుర్తుచేసుకుంటూ 800 మిల్లీసెకన్లు ఆగుతుంది. తరువాత "రసీదు తీసుకోలేదండి" అని ముగిస్తుంది. 700 మిల్లీసెకన్ల నియమం ప్రకారం బాట్ "కట్టి" దగ్గరే వంతు ముగిసిందనుకుంటుంది. "మీ ఫీజు చెల్లింపునకు ధన్యవాదాలు" అని మొదలుపెడుతుంది. విద్యార్థిని మాట, బాట్ మాట కలిసిపోతాయి. అసలు సమస్య రసీదు గురించి అన్న సంగతి బాట్‌కు చేరదు.

తెలుగు వ్యాకరణం తెలిసినవారికి ఇక్కడ సందేహం ఉండదు. "కట్టి" క్త్వార్థకం. దాని తరువాత మరో క్రియ రావాలి. "కడితే" అనే చేదర్థకం, "కట్టినా" అనే అప్యర్థకం, "కడుతూ" అనే శత్రర్థకం కూడా వాక్యం ఇంకా నడుస్తోందని చెబుతాయి. "కట్టాను", "కట్టలేదు", "కట్టాలా" వంటి రూపాలు ముగింపును సూచిస్తాయి. కాబట్టి వేచి ఉండే వ్యవధి ఒకే అంకెగా ఉండనవసరం లేదు. పాఠంలో చివరి పదం అసమాపక క్రియ అయితే 1500 మిల్లీసెకన్ల వరకు ఆగవచ్చు. సమాపక క్రియ అయితే 300 చాలు. పై లెక్కలో 700కు బదులు 300 వేస్తే మొత్తం ఆలస్యం 1100కు తగ్గుతుంది. అదే సమయంలో "కట్టి" దగ్గర అడ్డుపడే దోషమూ తొలగుతుంది.

ఈ నియమానికీ పరిమితులు ఉన్నాయి. "మాది గుంటూరు" వంటి నామవాక్యంలో క్రియ ఉండదు, అయినా వాక్యం పూర్తయింది. "కట్టాను" తరువాత "అని చెప్పినా వినడం లేదు" అని కొనసాగవచ్చు. "కట్టేశాను, నిన్ననే" అన్నట్లు వ్యవహారంలో సమాపక క్రియ తరువాత కూడా పదాలు వస్తాయి. అందువల్ల క్రియారూపాన్ని నిశ్చయంగా కాక, సంభావ్యతగానే తీసుకోవాలి. దానితో పాటు స్వరం దిగిందా, చివరి అచ్చు సాగిందా అన్నవీ చూడాలి. "కట్టీ..." అని సాగదీసిన స్వరం మాట ఇంకా ఉందని చెబుతుంది.

ఆలస్యాన్ని తగ్గించడానికి మరో ఉపాయం వాడుకలో ఉంది. వక్త ముగించాడని తేలకముందే, అందిన పాఠంతో జవాబును రహస్యంగా సిద్ధం చేయడం. వక్త కొనసాగితే ఆ జవాబును పారేస్తారు. తెలుగులో ఈ ఉపాయాన్ని జాగ్రత్తగా వాడాలి. "పోయిన వారం ఫీజు" వరకు విన్న బాట్ జవాబు సిద్ధం చేస్తే, వాక్యం "కట్టాను"తో ముగుస్తుందో, "కట్టలేదు"తోనో, "కట్టారట"తోనో దానికి తెలియదు. నిషేధం, ప్రశ్న, పరోక్షకథనం అన్నీ చివరి పదంలోనే ఉన్నాయి. కాబట్టి తెలుగులో ఈ ముందస్తు రచన క్రియ వినిపించాకే మొదలుకావడం క్షేమం.

4. ఊకొట్టడమా, అడ్డుకోవడమా?

బాట్ మాట్లాడుతుండగా మనిషి మధ్యలో మాట్లాడితే అది వెంటనే ఆగాలని సాధారణ నియమం. ఈ నియమం తెలుగు శ్రోత దగ్గర విఫలమవుతుంది. కథ చెప్పే అవ్వకు పిల్లలు ఊకొట్టకపోతే కథ ముందుకు సాగదు. ఫోనులోనూ అంతే. అవతలి నుంచి "ఊఁ", "ఆఁ" వినిపించకపోతే "హలో, వింటున్నారా?" అని అడుగుతాం. వక్త వంతును లాక్కోకుండా శ్రోత పలికే ఇటువంటి మాటలకు విక్టర్ ఇంగ్వే 1970లో బ్యాక్‌చానల్ అని పేరు పెట్టాడు. మన ఊకొట్టడం అదే.

పై సంభాషణలో బాట్ ఇలా చెబుతోందనుకుందాం: "పరీక్ష రుసుము గడువు ఈ నెల 20తో ముగుస్తుంది. ఆ తరువాత 100 రూపాయల అపరాధ రుసుముతో 27 వరకు చెల్లించవచ్చు." మొదటి వాక్యం కాగానే విద్యార్థిని "ఊఁ" అంటుంది. బాట్ ఆగిపోయి "చెప్పండి" అంటుంది. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కొన్నిసార్లు ఇలా జరిగితే ఆమె ఊకొట్టడం మానేస్తుంది. అంటే యంత్రం కోసం మనిషి తన సంభాషణ మర్యాదను మార్చుకుంటుంది.

దీనికి సులభమైన మార్గం, మాట వినిపించగానే ఆగకుండా స్వరాన్ని కాస్త తగ్గించి, అర సెకను లోపల వచ్చిన మాట ఏమిటో చూడడం. "ఊఁ", "ఆఁ", "సరే", "అలాగా" అయితే కొనసాగాలి. "ఆగండి", "అది కాదు", "ఒక్క మాట" అయితే ఆగాలి. అయితే పదాల జాబితా ఒక్కటే చాలదు. బాట్ ప్రశ్న అడిగిన తరువాత వచ్చే "ఊఁ" అవుననే జవాబు. స్వరం పైకి లేచిన "ఆఁ?" మళ్లీ చెప్పమనే అభ్యర్థన. స్పీచ్ రికగ్నిషన్ ఇచ్చే పాఠంలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, లేదా పూర్తిగా లుప్తమవుతాయి. కాబట్టి ఈ నిర్ణయానికి సందర్భంతో పాటు ధ్వనినీ వినాలి.

మరో దోషాన్ని కూడా అంతరాయంగా పొరబడే అవకాశం ఉంది. ఫోను స్పీకరులో పెట్టినప్పుడు బాట్ స్వరమే తిరిగి మైకులోకి వెళ్తుంది. ప్రతిధ్వనిని తొలగించే విభాగం సరిగా పనిచేయకపోతే బాట్ తన మాటకు తానే ఆగిపోతుంది. దీనిని గుర్తించడం కష్టం కాదు. మనిషి మాటలుగా నమోదైన పాఠంలో బాట్ పలికిన పదాలే కనిపిస్తాయి.

5. ఆగిన తరువాత గుర్తుండవలసినది

ఈసారి విద్యార్థిని "100 రూపాయల" దగ్గర "ఆగండి, నాది సప్లిమెంటరీ" అంటుంది. బాట్ వెంటనే మూడు పనులు చేయాలి: పలుకుతున్న ధ్వనిని ఆపాలి, పలకడానికి వరుసలో ఉన్న ధ్వనిని ఖాళీ చేయాలి, భాషా నమూనా ఇంకా రాస్తున్న జవాబును రద్దు చేయాలి. వీటిలో రెండవది మరిస్తే, ఆగినట్టే ఆగి పాత వాక్యపు తోక మళ్లీ వినిపిస్తుంది.

తరచుగా విస్మరణకు గురయ్యేది నాలుగవ పని. భాషా నమూనా పలికే వేగం కన్నా చాలా ముందుగా రాసేస్తుంది. గడువు 27 అన్న సంగతి సంభాషణ చరిత్రలో నమోదైపోయింది కానీ విద్యార్థిని చెవికి చేరలేదు. తరువాత ఆమె "ఆలస్యమైతే ఎప్పటివరకు కట్టొచ్చు?" అని అడిగితే, బాట్ "ఇంతకు ముందు చెప్పినట్లే" అని తేదీ చెప్పకుండా దాటవేయవచ్చు. అందువల్ల ఏ పదం వరకు ధ్వని వినిపించిందో లెక్కించి, చరిత్రను అక్కడికే కత్తిరించాలి. బాట్ ఏమి రాసిందన్నది కాదు, మనిషి ఏమి విన్నదన్నదే సంభాషణ చరిత్ర.

6. ఉపసంహారం

బాట్ పనితీరును సగటు ఆలస్యంతో కొలవడం సరిపోదు. ఇరువైపుల ధ్వనినీ వేరువేరుగా రికార్డు చేసి, వక్త ఏ క్రియారూపం దగ్గర ఆగినప్పుడు బాట్ అడ్డుపడింది, ఏ "ఊఁ"కు ఆగిపోయింది అని లెక్కించాలి. ఫ్రాన్సుకు చెందిన క్యూటై సంస్థ 2024లో విడుదల చేసిన మోషి వంటి నమూనాలు వినడం, మాట్లాడడం ఏకకాలంలో చేస్తూ మూడు అంచెల విభజననే దాటడానికి ప్రయత్నిస్తున్నాయి. అటువంటి నమూనా తెలుగు నేర్వాలన్నా ఇద్దరి స్వరాలు విడివిడిగా ఉన్న సహజ సంభాషణలు కావాలి. వాటిలో ప్రతి విరామం దగ్గర వాక్యం ముగిసిందా, ప్రతి "ఊఁ" దగ్గర శ్రోత ఉద్దేశం ఏమిటి అన్నది గుర్తులు పెట్టి ఉండాలి. ఆ గుర్తులు పెట్టడానికి కావలసింది క్త్వార్థకానికీ సమాపక క్రియకూ, అంగీకారపు "ఊఁ"కూ ఆలకింపు "ఊఁ"కూ భేదం చెప్పగల తెలుగు పరిశోధకుని చెవి.